డయాఫ్రం మూసుకోని ఆ వారాలు: పుట్టుకతో వచ్చే హెర్నియా ఎలా మొదలవుతుంది?

ఐదో నెలలో తీయించే టిఫా స్కాన్ రిపోర్టులో ‘కంజెనిటల్ డయాఫ్రాగ్మాటిక్ హెర్నియా’ అని కనిపించగానే చాలా ఇళ్లలో ముందు గుర్తొచ్చేది పెద్దవాళ్లకు గజ్జల్లోనో, బొడ్డు దగ్గరో వచ్చే హెర్నియా. బరువులెత్తితే వచ్చే జబ్బు కడుపులో ఉన్న బిడ్డకెలా వచ్చిందన్న అయోమయం ఒకవైపు, ఎలాగూ ఆపరేషన్ చేసి కుట్టేస్తారు కదా అన్న ధీమా మరోవైపు. డాక్టరు మాత్రం రంధ్రం గురించి తక్కువగా, ఊపిరితిత్తుల గురించి ఎక్కువగా మాట్లాడతారు. దాంతో టెన్షన్ ఇంకా పెరుగుతుంది. డాక్టరు ఊపిరితిత్తుల గురించే ఎందుకు మాట్లాడుతున్నారో తెలియాలంటే, బిడ్డ బియ్యపు గింజంత ఉన్నప్పుడు ఛాతీకీ పొట్టకూ మధ్య ఏం జరిగిందో చూడాలి.

క్లుప్తంగా

ఛాతీని, పొట్టను వేరుచేసే డయాఫ్రం ఒకే ముక్కగా పుట్టదు. వేర్వేరు చోట్ల మొదలైన పొరలు నాలుగో వారం నుంచి ఏడో వారంలోపు కలిసి ఒకటవుతాయి. వెనుకవైపు ఒక మూల, ఎక్కువగా ఎడమపక్క, ఈ కలయిక పూర్తికాకపోతే పదో వారంలో పేగులు ఛాతీలోకి వెళ్తాయి. అప్పుడే కొమ్మలు వేస్తున్న ఊపిరితిత్తి అక్కడితో వెనకబడుతుంది. పుట్టిన బిడ్డ ప్రాణానికి ముప్పు తెచ్చేది రంధ్రం కన్నా ఈ వెనకబాటే.

ముందుగా వారాల లెక్క

గైనకాలజిస్టు చెప్పే వారాలు చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేసినవి. పిండం ఎదుగుదల గురించిన పుస్తకాల్లో ఉండే వారాలు ఫలదీకరణ జరిగిన రోజు నుంచి లెక్కేసినవి. రెండింటికీ సుమారు రెండు వారాల తేడా ఉంటుంది. పిండం ఏడో వారం అంటే స్కాన్ కాగితం మీద తొమ్మిదో వారం. ఇక్కడ డయాఫ్రం, పేగులు, ఊపిరితిత్తులు తయారవడం గురించి చెప్పే వారాలన్నీ ఫలదీకరణ నుంచి లెక్కేసినవే. స్కాన్, చికిత్సల దగ్గర వచ్చేవి మాత్రం డాక్టరు లెక్క.

మెడ దగ్గర మొదలైన పొర

డయాఫ్రంలో మొదట కనిపించే భాగం సెప్టం ట్రాన్స్‌వర్సం. నాలుగో వారం మొదట్లో, గుండె ఏర్పడుతున్న చోటికీ పచ్చసొన సంచికీ మధ్య దళసరి కణజాలపు పలకలా ఇది తయారవుతుంది. అప్పటికి అది ఉండేది ఇప్పుడు డయాఫ్రం ఉన్నచోట కాదు, దాదాపు మెడ ఎత్తులో. తల, మెడ, వీపు భాగాలు వేగంగా ఎదుగుతుంటే ఈ పలక వాటితో పోలిస్తే కిందికి జారినట్టవుతుంది. ఎనిమిదో వారానికి దాని వెనుక అంచు నడుము మొదటి వెన్నుపూస ఎత్తుకు చేరుతుంది.

ఈ ప్రయాణం గుర్తు పెద్దయ్యాక కూడా ఒంట్లో మిగిలే ఉంటుంది. డయాఫ్రాన్ని కదిలించే ఫ్రెనిక్ నరం మెడలోని మూడు, నాలుగు, ఐదు నరాల నుంచి బయల్దేరి, గుండె పక్కగా ఛాతీ అంతా దిగి డయాఫ్రం చేరుతుంది. పొట్టకూ ఛాతీకీ మధ్యనున్న కండరానికి నరం మెడ నుంచి రావడం వింతగా అనిపిస్తుంది. కానీ నరం అందుకున్నప్పుడు ఆ పొర ఉన్నది మెడ దగ్గరే. తర్వాత పొర కిందికి జరిగింది, నరం దాని వెంట సాగింది. పిత్తాశయం వాచినా, ప్లీహం చిట్లి రక్తం డయాఫ్రం కిందికి చేరినా కొందరికి భుజం పైన నొప్పి తెలిసేది అందుకే. భుజం చర్మానికీ, డయాఫ్రం మధ్య భాగానికీ స్పర్శ తెలిపే నరాలు మెడలోని అవే మూడు మెట్ల నుంచి వస్తాయి.

కాలేయం మొగ్గ కూడా ఈ పలకలోకే చొచ్చుకొచ్చి పెరుగుతుంది. పెద్దవాళ్లలో కాలేయం పైభాగం కొంతమేర డయాఫ్రానికి నేరుగా అతుక్కుని ఉండటం దానికి గుర్తు. కుడివైపు హెర్నియా ఎందుకు తక్కువో ఆలోచించేటప్పుడు ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

వెనుక మిగిలిన రెండు దారులు

సెప్టం ట్రాన్స్‌వర్సం ముందు నుంచి వెనక్కి వచ్చి అన్నవాహిక ముందర ఆగిపోతుంది. వెనుక గోడ దాకా చేరదు. దాంతో అన్నవాహికకు చెరోపక్క ఒక్కో దారి తెరిచే ఉంటుంది. వీటిని పెరికార్డియో పెరిటోనియల్ కాలువలంటారు. ఐదో వారంలో ఊపిరితిత్తుల మొగ్గలు పెరుగుతూ వచ్చేది ఈ కాలువల్లోకే. అంటే ఆ దశలో ప్రతి పిండంలోనూ ఛాతీ, పొట్ట ఒకే ఖాళీలో భాగాలు. దారి తెరిచి ఉండటం ఆ వారాల్లో అందరికీ మామూలే. కొందరిలో అది మూసుకోకుండా మిగిలిపోవడమే లోపం.

మూసే పని ప్లూరో పెరిటోనియల్ మడతలది. వెనుక, పక్క గోడల నుంచి నెలవంక ఆకారంలో రెండు మడతలు లేస్తాయి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. అవి ముందుకూ మధ్యకూ పెరిగి ఆరో వారం చివరికల్లా సెప్టం ట్రాన్స్‌వర్సం వెనుక అంచును, అన్నవాహికను వెనుక గోడకు కట్టి ఉంచే మెసెంటరీ పొరను తాకుతాయి. ఏడో వారంలో ఈ అంచులన్నీ కలిసిపోయి కాలువలు మూతపడతాయి. కుడి కాలువ కాస్త ముందు మూసుకుంటుంది, ఎడమది కొద్దిగా ఆలస్యంగా.

మెసెంటరీ ఉన్నచోట తర్వాత డయాఫ్రం వెనుక కాళ్లు, అంటే వెన్నుపూసలకు అతుక్కునే రెండు బలమైన కండరపు పట్టీలు ఏర్పడతాయి. పక్కటెముకల వైపు అంచుకు ఛాతీ గోడ నుంచీ కొంత కణజాలం చేరుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. సెప్టం, రెండు మడతలు, మెసెంటరీ, ఛాతీ గోడ: వైద్య విద్యార్థులు బట్టీ పట్టే ‘నాలుగు మూలాలు’ ఇవే.

పొర కలిస్తే చాలదు, కండరం రావాలి

‘మడత కలవలేదు, అందుకే రంధ్రం మిగిలింది’ అన్న వివరణ తప్పు కాదు గానీ పూర్తిది కాదు. పూర్తయిన డయాఫ్రంలో బలం పొరది కాదు, కండరానిది. ఆ కండర కణాలు పిండం మెడ దగ్గరి సోమైట్లు అనే కణజాలపు ముద్దల నుంచి వలస వచ్చి ముందుగా ప్లూరో పెరిటోనియల్ మడతల్లోకి చేరి, అక్కడి నుంచి డయాఫ్రమంతా పరుచుకుంటాయి. మడత అంటే కాలువను మూసే తెర ఒక్కటే కాదు, కండరం ఎటు వెళ్లాలో, ఎంతవరకు వెళ్లాలో నిర్దేశించేది కూడా అదే.

ఈ విషయం స్పష్టంగా చూపింది 2015లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో గాబ్రియెల్ కార్డన్ బృందం ఎలుకల్లో ఆ మడతల నుంచి పుట్టే కణాల్లో మాత్రమే గాటా4 అనే జన్యువును పనిచేయకుండా చేసింది. కండర కణాలను ముట్టుకోలేదు. అయినా డయాఫ్రంలో కొన్నిచోట్ల కండరం చేరని ఖాళీలు మిగిలాయి, హెర్నియా సరిగ్గా అక్కడే వచ్చింది. కండరాన్ని మోసే సంధాన కణజాలంలోని లోపం కండరం లోపంగా బయటపడిందన్నమాట. డయాఫ్రం మధ్యనున్న సెంట్రల్ టెండన్‌కు కూడా ఎలుకల్లో ఈ మడతల కణాలే ఆధారమని అదే పని చూపింది. అది సెప్టం నుంచే వస్తుందన్న పాత బొమ్మను ఆ మేరకు సవరించుకోవాలి.

అంతకన్నా ఆసక్తికరమైన పరిశీలన ఇంకొకటుంది. కండరం బొత్తిగా లేని డయాఫ్రంతో ఉన్న ఎలుక పిండాల్లో అలాంటి హెర్నియా రాలేదు. పొర మొత్తం ఒకేలా సాగింది. చుట్టూ కండరం ఉండి, మధ్యలో ఒక్కచోట లేనప్పుడే ఆ చోటు ఉబ్బి, అవయవాలు అటు తోసుకొచ్చాయి. సైకిల్ ట్యూబులో రబ్బరు ఒక్కచోట పలచబడితే గాలి కొట్టినప్పుడు ఆ చోటే బుడగలా లేస్తుంది, ట్యూబంతా ఒకే మందంలో ఉంటే అలా లేవదు. ఇక్కడా లెక్క అదే. చుట్టూ ఉన్న బలమే బలహీనమైన చోటికి ఒత్తిడిని మళ్లిస్తుంది.

పిల్లల్లో ఆపరేషన్ సమయంలో కనిపించే తేడాలు దీనితో అర్థమవుతాయి. కొందరిలో డయాఫ్రం వెనుక మూల అసలే ఉండదు, పేగులు నేరుగా ఛాతీలో ఊపిరితిత్తి పక్కనే పడి ఉంటాయి. మడత చేరాల్సిన చోటికి చేరలేదన్నమాట. ఇంకొందరిలో పల్చటి పొర సంచిలా పైకి ఉబ్బి, పేగులు ఆ సంచిలో ఉంటాయి. పొర మూసుకుంది, కండరం రాలేదు. సంచి ఉన్నవాళ్లు తక్కువ, ఇంచుమించు ఐదుగురిలో ఒకరు. వీళ్లలో ఊపిరితిత్తి సాధారణంగా కొంత మెరుగ్గా ఉంటుంది, ఎందుకంటే సంచి ఎంతో కొంత అడ్డుకట్ట వేస్తుంది.

పదో వారం

రంధ్రం ఏడో వారానికే మిగిలిపోయినా అవయవాలు అప్పుడే పైకి పోవు. ఆ సమయంలో పేగులు చాలావరకు పొట్టలో ఉండవు. ఆరో వారం నుంచి పేగుల పెరుగుదలకు పొట్టలో చోటు చాలక అవి బొడ్డుతాడు మొదట్లోకి చేరి అక్కడే మెలితిరుగుతూ పెరుగుతాయి. ఇది ప్రతి పిండంలో జరిగేదే. పదో వారంలో పొట్ట కాస్త విశాలమయ్యాక తిరిగి లోపలికొస్తాయి.

మామూలుగా అయితే డయాఫ్రం మూతపడ్డాక దాదాపు మూడు వారాలకు పేగులు తిరిగొస్తాయి. వెనుక మూల తెరిచి ఉంటే మాత్రం, పొట్టలోకి వచ్చిన పేగులకు కొత్తగా ఏర్పడిన ఇరుకు పొట్ట కన్నా ఛాతీలోని ఖాళీలోకి పోవడమే తేలిక. ఎడమవైపు అయితే చిన్నపేగు, పెద్దపేగులో కొంత, జీర్ణాశయం, ప్లీహం, కొన్నిసార్లు కాలేయం ఎడమ తమ్మె పైకి చేరతాయి. పొట్టలో సరిగ్గా సర్దుకోవాల్సిన పేగులు ఛాతీలో ఉండిపోవడంతో వాటి మలుపు, అతుకు కూడా అస్తవ్యస్తమవుతాయి. ఈ పిల్లల్లో పేగు మెలిపడే ప్రమాదం తర్వాత కూడా ఉండేది అందుకే.

వెనుక, పక్క మూలలో వచ్చే ఈ రకాన్ని బాచ్‌డాలెక్ హెర్నియా అంటారు. ప్రేగ్‌లో శరీర నిర్మాణ శాస్త్రవేత్తగా పనిచేసిన విన్సెంజ్ బాచ్‌డాలెక్ 1848లో దీన్ని వర్ణించాడు. పుట్టుకతో వచ్చే డయాఫ్రం హెర్నియాల్లో అత్యధికం ఇదే, అందులోనూ నూటికి 80 నుంచి 85 ఎడమవైపువి. ఎడమ కాలువ ఆలస్యంగా మూసుకోవడం ఒక కారణం. కుడివైపున డయాఫ్రానికి అతుక్కుని ఉన్న కాలేయం దారికి అడ్డుగా నిలవడం ఇంకొకటి అంటారు. కుడివైపు రంధ్రం ఉన్నప్పుడు ముందుగా పైకి వెళ్లేది కూడా ఆ కాలేయమే.

ముందువైపు, రొమ్ము ఎముక వెనుక వచ్చే మోర్గాగ్ని హెర్నియా దీనికి భిన్నం. అది తక్కువ మందిలో, చిన్న రంధ్రంగా, చాలాసార్లు పెద్దయ్యాక వేరే కారణానికి తీసిన ఎక్స్‌రేలో బయటపడుతుంది. ఎసిడిటీ ఉన్న పెద్దవాళ్లకు ఎండోస్కోపీలో చెప్పే హయాటస్ హెర్నియా పూర్తిగా వేరు. అక్కడ అన్నవాహిక కోసం సహజంగా ఉండే దారి వదులవుతుంది, ఈ మడతలతో దానికి సంబంధం లేదు.

ఊపిరితిత్తి ఎందుకు వెనకబడుతుంది

ఊపిరితిత్తిలో గాలి గొట్టాలు ఒకటి రెండుగా, రెండు నాలుగుగా చీలుతూ పోతాయి. ఈ చీలిక ఐదో వారంలో మొదలై పదహారు, పదిహేడు వారాలకు దాదాపు ముగుస్తుంది. గాలి సంచులు పుట్టాక కూడా పెరుగుతాయి గానీ, కొమ్మల లెక్క అప్పటికే ఖరారైపోతుంది. పదో వారంలో పేగులు ఛాతీలోకి వస్తే, ఆ చీలిక జోరుగా సాగుతున్నప్పుడే ఊపిరితిత్తికి చోటు తగ్గుతుంది. కొమ్మలు తగ్గుతాయి. గొట్టాల వెంటే పెరిగే రక్తనాళాలూ తగ్గుతాయి. ఉన్న నాళాల గోడల్లో కండరం మందమవుతుంది.

నొక్కుకుపోవడమే కారణమైతే హెర్నియా లేనివైపు ఊపిరితిత్తి బాగుండాలి. అది కూడా చిన్నగానే ఉంటుంది. గుండె, మధ్య భాగం అటువైపు జరగడం దీనికి కొంతవరకే కారణం. నైట్రోఫెన్ అనే కలుపు మందును గర్భంతో ఉన్న ఎలుకలకు ఇస్తే పిల్లల్లో అచ్చం ఇలాంటి హెర్నియాయే వస్తుంది. ఆ పిండాల్లో డయాఫ్రం మూసుకునే సమయానికి ముందే, పేగులు ఇంకా పైకి రాకముందే, రెండు ఊపిరితిత్తులూ చిన్నగా ఉన్నట్టు తేలింది. దీని ఆధారంగా 2000లో రిచర్డ్ కైజర్, సహచరులు ‘రెండు దెబ్బల’ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. మొదటి దెబ్బ డయాఫ్రం మడతనూ, రెండు ఊపిరితిత్తులనూ ఒకేసారి తాకే మూల కారణం. రెండోది పేగులు చేరాక ఆ పక్క ఊపిరితిత్తి మీద పడే ఒత్తిడి.

ఒత్తిడి పాత్రను తోసిపుచ్చడానికీ లేదు. 1967లో డి లోరిమియర్ బృందం ఆరోగ్యంగా ఉన్న గొర్రెపిల్లల పిండాలకు గర్భంలోనే డయాఫ్రం కోసి హెర్నియా కలిగించినప్పుడు వాటి ఊపిరితిత్తులూ చిన్నవిగానే మిగిలాయి. మనుషుల్లో రెండూ కలిసే పనిచేస్తాయని, ఏది ఎంత అన్నది బిడ్డ బిడ్డకూ మారుతుందని అనుకోవడమే ఇప్పటి ఆధారాలకు దగ్గరగా ఉంటుంది. చిన్న రంధ్రం ఉన్న బిడ్డ కూడా కొన్నిసార్లు కోలుకోలేకపోవడానికి అర్థం అక్కడే దొరుకుతుంది.

గర్భంలో ఉన్నంతకాలం ఈ లోపం బిడ్డకు తెలియదు. ఆక్సిజన్ మాయ నుంచి వస్తుంది కాబట్టి బరువు, కదలికలు మామూలుగానే ఉంటాయి. ‘బిడ్డ బాగా కదులుతోంది, స్కాన్ తప్పేమో’ అన్న ఆశ అక్కడి నుంచే వస్తుంది. బొడ్డుతాడు కోసిన క్షణం నుంచి ఊపిరితిత్తి సొంతంగా పనిచేయాలి. అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది.

ఒక స్కాన్‌ను వివరంగా చూస్తే

ఉదాహరణకు డాక్టరు లెక్కలో 22 వారాల గర్భానికి టిఫా స్కాన్ తీశారనుకుందాం. గుండె నాలుగు గదులు కనిపించేలా ఛాతీని అడ్డంగా చూసినప్పుడు, గుండె ఎడమవైపు ఉండాల్సింది కుడివైపుకు జరిగి ఉంది. దాని పక్కనే ఎడమ ఛాతీలో నల్లటి గుండ్రని నీటి బుడగ కనిపించింది. అది జీర్ణాశయం. పొట్ట ఎత్తులో చూస్తే ఆ బుడగ ఉండాల్సిన చోట లేదు. ఎడమవైపు బాచ్‌డాలెక్ హెర్నియాకు ఇది నమ్మకమైన గుర్తు. జీర్ణాశయం కిందనే ఉండి పేగులు మాత్రమే పైకి వెళ్లినప్పుడు స్కాన్‌లో తప్పిపోయే అవకాశం ఎక్కువ. కుడివైపు హెర్నియాలో కాలేయం, ఊపిరితిత్తి చూడటానికి ఒకేలా ఉండటంతో ఇంకా కష్టం.

తర్వాతి పని మిగిలిన ఊపిరితిత్తిని కొలవడం. హెర్నియా ఎడమవైపు కాబట్టి కుడి ఊపిరితిత్తి విస్తీర్ణం కొలుస్తారు. అది 120 చదరపు మిల్లీమీటర్లు, తల చుట్టుకొలత 200 మిల్లీమీటర్లు వచ్చాయనుకుందాం. 120ని 200తో భాగిస్తే 0.6. దీన్ని ఎల్‌హెచ్‌ఆర్ అంటారు. ఒక్క ఈ అంకెతో ఏమీ తేల్చలేం, ఎందుకంటే గర్భం పెరిగేకొద్దీ ఊపిరితిత్తి విస్తీర్ణం తల కన్నా వేగంగా పెరుగుతుంది. అందుకే అదే వారంలో ఆరోగ్యంగా ఉన్న పిండంలో ఎంత ఉండాలో దానితో పోలుస్తారు. అది 2.0 అనుకుంటే 0.6 అంటే ఉండాల్సిన దానిలో 30 శాతం.

25 శాతం కన్నా తక్కువైతే తీవ్రమైనదిగా, 25 నుంచి 35 మధ్య ఉంటే మధ్యస్థంగా లెక్కిస్తారు. ఈ ఉదాహరణ మధ్యస్థం కిందికి వస్తుంది. దీనికి తోడు కాలేయం పైకి వెళ్లిందా లేదా అన్నది చూస్తారు. కాలేయం ఛాతీలో ఉందంటే రంధ్రం పెద్దదని, ఊపిరితిత్తికి చోటు ఇంకా తక్కువని అర్థం. విస్తీర్ణం గీసే పద్ధతి, గీసే మనిషి మారితే శాతం కొంచెం అటూఇటూ అవుతుంది. 26 శాతానికీ 24 శాతానికీ మధ్య గీత అంత గట్టిది కాదు. అనుమానం ఉన్నచోట ఫీటల్ మెడిసిన్ నిపుణుల దగ్గర మళ్లీ కొలిపించుకోవడం, ఎంఆర్ఐ తీయించడం అందుకే.

గుండెలో వేరే లోపం ఉందేమోనని ఫీటల్ ఎకో, క్రోమోజోముల తేడా ఉందేమోనని ఉమ్మనీటి పరీక్ష కూడా సూచిస్తారు. ఒంటరిగా వచ్చిన హెర్నియాకూ, ఇంకో పెద్ద లోపంతో కలిసి వచ్చిన హెర్నియాకూ బతికే అవకాశాల్లో చాలా తేడా ఉంది. ఆ సంగతి తెలియకుండా శాతం ఒక్కటి పట్టుకుని నిర్ణయానికి రావడం సరికాదు.

గర్భంలోనే చేసే చికిత్స ఒకటుంది. బిడ్డ శ్వాసనాళంలో చిన్న బెలూన్ పెట్టి, ఊపిరితిత్తిలో ఊరే ద్రవం బయటికి పోకుండా ఆపితే ఆ ఒత్తిడికి ఊపిరితిత్తి సాగి పెరుగుతుంది. ప్రసవానికి ముందు, సాధారణంగా 34 వారాలకు, బెలూన్ తీసేయాలి. 2021లో వెలువడిన టోటల్ ట్రయల్ ఫలితాల్లో, తీవ్రమైన ఎడమ హెర్నియాకు 27 నుంచి 29 వారాల మధ్య బెలూన్ పెట్టినవాళ్లలో 40 శాతం మంది పిల్లలు బతికి ఇంటికెళ్లారు. పెట్టనివాళ్లలో 15 శాతం. మధ్యస్థ హెర్నియాలో 30 నుంచి 32 వారాల మధ్య పెట్టినప్పుడు 63 శాతం, పెట్టకపోతే 50 శాతం. ఈ రెండో తేడా యాదృచ్ఛికం కాదని చెప్పగలిగేంత బలంగా లేదు. బెలూన్ పెట్టినవాళ్లకు నెలలు నిండకుండా కాన్పు అయ్యే ముప్పూ పెరిగింది. కాబట్టి పై ఉదాహరణలోని 30 శాతం బిడ్డకు బెలూన్ తప్పనిసరి అనలేం.

పుట్టిన మొదటి గంటలు

పుట్టగానే ఈ బిడ్డ పొట్ట లోపలికి పీక్కుపోయినట్టు, ఛాతీ ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఒళ్లు నీలంగా మారుతుంది. ఎడమవైపు ఊపిరి శబ్దం వినిపించదు, గుండె శబ్దం కుడివైపు వినిపిస్తుంది. ఇక్కడ అలవాటుగా జరిగే ఒక పని కీడు చేస్తుంది. మామూలుగా ఊపిరాడని బిడ్డకు మాస్కుతో గాలి కొడతారు. ఈ బిడ్డలో ఆ గాలి ఛాతీలో ఉన్న జీర్ణాశయంలోకి, పేగుల్లోకి పోయి అవి ఉబ్బి ఊపిరితిత్తిని ఇంకా నొక్కేస్తాయి. అందుకే వెంటనే శ్వాసనాళంలో ట్యూబ్ వేసి, ముక్కు ద్వారానో నోటి ద్వారానో జీర్ణాశయంలోకి ఇంకో ట్యూబ్ వేసి గాలి తీసేస్తారు. సంగతి ముందే తెలిసుంటేనే ఇదంతా మొదటి నిమిషాల్లో జరుగుతుంది. టిఫాలో బయటపడిన కేసుల్లో నవజాత శిశు ఐసీయూ, పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రిలోనే కాన్పు జరిగేలా చూడమనేది అందుకే. పుట్టిన బిడ్డను అంబులెన్సులో తరలించడం కన్నా తల్లి ముందే ఆ ఊరు చేరడం ఎంతో సురక్షితం.

ఒకప్పుడు దీన్ని అత్యవసర ఆపరేషన్‌గా చూసేవారు. పేగులు కిందికి దించితే ఊపిరితిత్తి విచ్చుకుంటుందని నమ్మకం. ఊపిరితిత్తి విచ్చుకోకపోవడానికి కారణం పేగులు మాత్రమే కాదని, కొమ్మలే తక్కువని తెలిశాక 1980ల తర్వాత పద్ధతి మారింది. ఇప్పుడు ముందు బిడ్డను స్థిరపరుస్తారు. వెంటిలేటర్ ఒత్తిడి తక్కువగా ఉంచుతారు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కాస్త ఎక్కువగా ఉన్నా ఓర్చుకుంటారు. చిన్న ఊపిరితిత్తిని బలవంతంగా సాగదీస్తే అది చిరిగి గాలి బయటికి పోతుంది.

మందమైన రక్తనాళాలు బిగుసుకుని ఊపిరితిత్తుల్లో రక్తపోటు పెరగడం రెండో సమస్య. అప్పుడు ఆక్సిజన్ అందని రక్తం ఊపిరితిత్తికి వెళ్లకుండా, పుట్టకముందు ఉపయోగపడిన పాత దారి డక్టస్ ఆర్టీరియోసస్ గుండా నేరుగా ఒంటి కింది భాగానికి పోతుంది. కుడి చేతికి ఒకటి, కాలికి ఒకటి ఆక్సిజన్ కొలిచే క్లిప్పులు పెట్టేది ఇది పట్టుకోవడానికే. చేతిలో 92, కాలిలో 78 చూపిస్తే ఆ దారి గుండా రక్తం మళ్లుతోందని అర్థం. ఇది నెమ్మదించాక, సాధారణంగా కొన్ని రోజులకు, ఆపరేషన్. పేగులను దించి, రంధ్రం చిన్నదైతే కండరం అంచులను కలిపి కుట్టేస్తారు. వెనుక అంచే లేనంత పెద్దదైతే ప్యాచ్ వేస్తారు. బిడ్డ పెరిగినా ప్యాచ్ పెరగదు కాబట్టి అంచులు వదిలి హెర్నియా తిరిగి రావచ్చు. ఏళ్ల తరబడి చూపించుకుంటూ ఉండాలి. అనుభవమున్న పెద్ద కేంద్రాల్లో సజీవంగా పుట్టిన పిల్లల్లో సుమారు 70 శాతం మంది బతుకుతున్నారు.

కొద్దిమందిలో ఇది నెలల తర్వాత దగ్గు, ఆయాసం, వాంతులతో బయటపడుతుంది. ఎక్స్‌రేలో ఎడమ ఛాతీలో కనిపించే గాలి బుడగలను న్యుమోనియా అనో, ఛాతీలో గాలి చేరిందనో పొరబడి గొట్టం వేస్తే అది జీర్ణాశయంలోకో పేగులోకో దిగే ప్రమాదం ఉంది. అనుమానం వస్తే ముక్కు ద్వారా జీర్ణాశయంలోకి ట్యూబ్ వేసి మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. ట్యూబ్ కొస ఛాతీలో కనిపిస్తే విషయం తేలిపోతుంది.

కారణం, తర్వాతి కాన్పు

సుమారు 2,500 నుంచి 3,000 కాన్పుల్లో ఒకరికి ఈ లోపం వస్తుంది. బరువెత్తడం వల్లో, ప్రయాణాల వల్లో, గ్రహణం చూడటం వల్లో రాదు. డయాఫ్రం మూసుకునే వారాలకు చాలామంది తల్లులకు గర్భం సంగతి అప్పుడప్పుడే తెలుస్తూ ఉంటుంది. క్రోమోజోముల తేడాలు, గాటా4 లాంటి జన్యువుల్లో మార్పులు కొందరిలో దొరుకుతాయి. మిగిలిన చాలామందిలో ఫలానా కారణమని ఏదీ తేలదు.

విటమిన్ ఎ సంగతి మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆ విటమిన్ లేని తిండి పెట్టిన ఎలుకల పిల్లల్లో డయాఫ్రం హెర్నియా వస్తుందని డొరొతీ ఆండర్సన్ 1941లోనే చూపింది. నైట్రోఫెన్ కూడా పిండంలో విటమిన్ ఎ నుంచి రెటినోయిక్ ఆమ్లం తయారయ్యే దారినే అడ్డుకుంటుంది. దీన్నిబట్టి గర్భిణులు విటమిన్ ఎ మాత్రలు మింగితే మంచిదని అనుకుంటే పొరపాటు. ఎక్కువ మోతాదులో అదే విటమిన్ పిండానికి వేరే తీవ్రమైన లోపాలు తెస్తుంది. డాక్టరు రాసినవి తప్ప ఏదీ సొంతంగా వాడకూడదు.

ఇంకే లోపమూ లేకుండా హెర్నియా ఒక్కటే వచ్చి, జన్యు పరీక్షల్లో ఏమీ తేలకపోతే తర్వాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం ఒకటి రెండు శాతమే. జన్యు కారణం దొరికితే ఈ లెక్క మారిపోతుంది, కొన్ని రకాల్లో నాలుగో వంతు దాకా వెళ్లొచ్చు. మొదటి బిడ్డ బతికినా, దక్కకపోయినా ఆ బిడ్డ జన్యు పరీక్ష రిపోర్టును భద్రపరచి, తర్వాతి గర్భం మొదట్లోనే జెనెటిక్ కౌన్సెలర్‌కు చూపించాల్సిన అవసరం అక్కడే ఉంది. ఆ గర్భంలో టిఫా స్కాన్ తీసే డాక్టరుకు పాత సంగతి ముందే చెబితే గుండె పక్కన ఎడమవైపు, కుడివైపు కాలేయం అంచు ఇంకాస్త సమయం పెట్టి చూస్తారు.